'పాట'లో నాలుక, 'పాడు'లో గొంతు

'పాట' అనే మాటను మామూలు వేగంతో పలికినప్పుడు 'ట' దగ్గర నోటిలో గాలి దారి పూర్తిగా మూసుకుని ఉండేది సుమారు 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు. 'పాడు' అన్నప్పుడు 'డ' అంతకంటే పొట్టిది. గబగబా మాట్లాడేవాళ్ళ నాలుక అంగిలిని తాకి వెనక్కి రావడానికి ఒక్కోసారి 20, 30 మిల్లీసెకన్లకు మించి పట్టదు. ఆ కాస్త సమయంలోనే గొంతులో స్వరతంత్రులు రెండు మూడు సార్లైనా కొట్టుకుంటాయి. మగగొంతులో సెకనుకు సుమారు 120 సార్లు, ఆడగొంతులో 200కు పైమాటే. నాలుక లెక్క పదుల మిల్లీసెకన్లలో ఉంటే, గొంతు లెక్క మిల్లీసెకన్లలోనే ఉంటుంది. ఈ రెంటినీ ఒకే పరికరంతో చూడలేకపోవడానికి మొదటి కారణం ఇదే.

ముందు నాలుక సంగతి చూద్దాం. గర్భిణులకు స్కానింగ్ చేసే అల్ట్రాసౌండ్ యంత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ప్రోబ్‌కు జెల్ రాసి గడ్డం కింద ఆనిస్తారు. శబ్ద తరంగం కండలోంచి పైకి పోయి, నాలుక పైభాగంలో గాలి తగలగానే వెనక్కి తిరుగుతుంది. తెర మీద నాలుక అంచు తెల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత సెకనుకు ఎన్నిసార్లు గీయొచ్చో మనమే లెక్క కట్టవచ్చు. కండలో శబ్దవేగం సెకనుకు 1,540 మీటర్లు. 9 సెంటీమీటర్ల లోతుకు పోయి రావాలంటే 18 సెంటీమీటర్ల ప్రయాణం, దానికి 0.117 మిల్లీసెకన్లు. ఒక్కో బొమ్మకు 64 కిరణాలు పంపితే 7.5 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 133 బొమ్మలు దాటవు. బొమ్మ మరింత స్పష్టంగా ఉండాలని 128 కిరణాలు పంపితే ఆ సంఖ్య 67కు పడిపోతుంది. స్పష్టత కావాలా, వేగం కావాలా అన్నది పరిశోధకుడు ముందే తేల్చుకోవాలి. సెకనుకు 30 బొమ్మలు తీసే పాత వీడియో పద్ధతిలో రెండు బొమ్మల మధ్య ఎడమే 33 మిల్లీసెకన్లు. 'పాడు'లోని 'డ' మొత్తం ఆ ఎడంలోనే జరిగిపోవచ్చు. అప్పుడు తెర మీద నాలుక అసలు పైకి లేచినట్టే ఉండదు.

'ట' విషయంలో ఇంతకంటే చిక్కు మరొకటుంది. 1983లో ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లడెఫోగెడ్, తెలుగువాడైన పేరి భాస్కరరావు కలిసి ఎక్స్-రే చిత్రాలతో హిందీ, తమిళ, తెలుగు మూర్ధన్యాలను పోల్చారు. హిందీవాళ్ళు ఎక్కువగా నాలుక కొనతో పళ్ళ వెనక గట్టుకు కాస్త లోపల తాకితే, తెలుగు, తమిళం మాట్లాడేవాళ్ళు నాలుకను ఇంకా వెనక్కి చుట్టి, దాని అడుగుభాగాన్ని అంగిలికి ఆనిస్తున్నారని తేలింది. మూడు భాషల్లోనూ వినపడేది 'ట'నే, తాకే చోటే వేరు. రేడియేషన్ భయంతో అలాంటి చిత్రాలు ఇప్పుడు ఊరికే తీయరు. అదే ప్రశ్నకు జవాబు అల్ట్రాసౌండ్‌లో వెదికితే, నాలుక వెనక్కి చుట్టుకోగానే దాని కింద గాలి చేరుతుంది. తరంగం ఆ గాలిని దాటి కొన దాకా పోలేదు. మామూలుగానే దవడ ఎముక నీడ నాలుక కొనను కొంత మింగేస్తుంది, ఇప్పుడు ఇంకాస్త పోతుంది. తెల్లగీత ఎక్కడ ఆగిందో అక్కడే నాలుక కొన ఉందనుకోవడం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. గీత ముందువైపు హఠాత్తుగా పొట్టిదై, వెనకవైపు నాలుక కదలిక తీరు మారితే అది చుట్టుకున్నదానికి పరోక్ష ఆధారం మాత్రమే.

అంగిలి కూడా తెర మీద కనపడదు, ఎందుకంటే మధ్యలో గాలే ఉంది. దానికో చిట్కా ఉంది. కాసిని నీళ్ళు నోట్లో పట్టి మింగమంటారు. నీటిలోంచి తరంగం అంగిలి దాకా పోయి వస్తుంది కాబట్టి ఆ క్షణంలో దాని గీత కనపడుతుంది. ఆ గీతను నాలుక బొమ్మల మీద వేసుకుంటేనే నాలుక అంగిలికి ఎంత దగ్గరగా వచ్చిందో చెప్పవచ్చు. ప్రోబ్ ఒక్క మిల్లీమీటరు జారినా ఆ కొలత తప్పుతుంది. అందుకే తలకు హెల్మెట్ లాంటి చట్రం తొడిగి ప్రోబ్‌ను దానికి బిగిస్తారు.

నాలుక అంగిలిని ఎక్కడ తాకిందో నేరుగా చెప్పేది ఎలక్ట్రోపాలటోగ్రఫీ. ఇందులో మనిషి అంగిలి అచ్చుతో చేసిన పలుచని పళ్ళెం ఉంటుంది. రీడింగ్ విశ్వవిద్యాలయం పద్ధతిలో దాని మీద 8 వరసల్లో 62 ఎలక్ట్రోడ్లు అమరుస్తారు. ముందు వరసలో 6, మిగతా ఏడింటిలో ఎనిమిదేసి. 'ట'కు వెనక వరసలు వెలుగుతాయి. కానీ తాకింది నాలుక పైభాగమా, అడుగుభాగమా అన్నది ఆ చుక్కలు చెప్పలేవు. లడెఫోగెడ్, భాస్కరరావు అడిగిన ప్రశ్న ఇక్కడా సగంలోనే ఆగిపోతుంది.

గొంతు విషయానికొద్దాం. 'పాట'కూ 'పాడు'కూ అసలు తేడా అక్కడే ఉంది. ఫ్రాన్సులో ఫిలిప్ ఫాబ్ర్ 1957లో వెలువరించిన పద్ధతి ఎలక్ట్రోగ్లాటోగ్రఫీ. గొంతు ముందు పొడుచుకొచ్చే మృదులాస్థికి అటూ ఇటూ రెండు ఎలక్ట్రోడ్లు అంటించి, మనిషికి తెలియనంత చిన్న విద్యుత్తును ఒకవైపు నుంచి మరోవైపుకు పంపుతారు. స్వరతంత్రులు ఒకదానికొకటి తగిలితే విద్యుత్తుకు దారి సులువవుతుంది, విడిపోతే కష్టమవుతుంది. తెర మీద అలలా కనిపించేది ఆ దారి హెచ్చుతగ్గులే. 'పాడు'లో 'డ' దగ్గర అలలు చిన్నవైనా సాగుతూనే ఉంటాయి. 'పాట'లో 'ట' దగ్గర గీత చదునవుతుంది.

ఒక్క అలను దగ్గరగా చూద్దాం. 125 హెర్ట్జ్ గొంతులో ఒక చక్రం 8 మిల్లీసెకన్లు. తంత్రులు 4 మిల్లీసెకన్లు తగిలి ఉన్నాయనుకుంటే, స్పర్శ నిష్పత్తి 0.5. గుసగుస కలిసిన మెత్తటి గొంతులో ఇది తగ్గుతుంది, బిగబట్టిన గొంతులో పెరుగుతుంది. అయితే 'తగిలాయి' అనడానికి అల ఎత్తులో ఏ హద్దు పెట్టుకున్నామన్న దాన్నిబట్టి అంకె మారుతుంది. ఎత్తులో 25 శాతం దగ్గర గీస్తే ఒక విలువ, 50 శాతం దగ్గర గీస్తే అంతకంటే చిన్న విలువ. హద్దు చెప్పకుండా 0.5 అని రాసిన నివేదికకు నా దృష్టిలో పెద్ద విలువ లేదు. ఇంకో తప్పు, తీగలు తారుమారు కావడం. అప్పుడు అల తలకిందులై 0.4 కాస్తా 0.6గా లెక్కకొస్తుంది. దీన్ని పట్టడం తేలికే. మామూలు గొంతులో తంత్రులు విడిపోయే దానికంటే మూసుకునే వేగం ఎక్కువ, కాబట్టి నిటారు అంచు స్పర్శ పెరిగేవైపు ఉండాలి.

చదును గీత విషయంలోనూ జాగ్రత్త కావాలి. 'ట' దగ్గర తంత్రులు విడిపోయి ఉండటం వల్ల కంపం ఆగవచ్చు, గట్టిగా బిగుసుకున్నా ఆగవచ్చు. గొంతు పైకీ కిందికీ కదిలినప్పుడు వచ్చే నెమ్మదైన ఊగిసలాటను తీసేయడానికి యంత్రంలో ఫిల్టర్ వాడతారు. దాంతోపాటే అసలు స్పర్శ స్థాయి కూడా పోతుంది. చివరికి రెండు స్థితులూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే గొట్టపు కెమెరాతో లోపలికి చూడాల్సిందే. 1854లో గాన గురువు మాన్యుయెల్ గార్సియా చిన్న అద్దంతో తన గొంతు తానే చూసుకున్న పనికి ఇది వారసత్వం. ఇప్పుడు సెకనుకు 4,000 బొమ్మలు తీసే కెమెరాలున్నాయి. 200 హెర్ట్జ్ గొంతులో ఒక్కో చక్రానికి 20 బొమ్మలు దక్కుతాయి. కాకపోతే ముక్కులోంచో నోట్లోంచో గొట్టం దూర్చాలి. నోట్లో గొట్టం పెట్టుకుని 'పాట' పలకలేరు కాబట్టి, మాటలు కావాలంటే ముక్కు దారే గతి.

అల్ట్రాసౌండ్‌నూ, ఈ గొంతు అలనూ కలిపి రికార్డు చేసేటప్పుడు తప్పు ఎక్కువగా దొర్లేది సమయంలో. బొమ్మ తయారై తెర మీదికొచ్చేసరికి పదుల మిల్లీసెకన్లు ఆలస్యం కావచ్చు. అప్పుడు 'ట' కోసం నాలుక లేవకముందే కంపం ఆగినట్టు కనపడుతుంది. సరిచూడటానికి 'ట' విడుదలయ్యేటప్పుడు మైకులో వచ్చే చిన్న టప్పు శబ్దాన్ని పట్టుకుని, తెర మీద నాలుక కిందికి దిగడం మొదలైన బొమ్మతో పోల్చాలి. రెండూ ఒకే చోట పడకపోతే, ఎడం కొలిచి ఆ మేరకు బొమ్మల వరసను జరిపాకే లెక్కలు మొదలుపెట్టాలి.