పెంకును బట్టి కుండ కొలత

తవ్వకాల్లో కుండ మూతి పెంకు ఒకటి దొరికిందనుకుందాం. కుండ మూతి ఎంత వెడల్పో తెలియాలంటే, అంచు మీద కొన్ని బిందువులు కొలిచి, వాటికి సరిపోయే వృత్తం గీయాలి. అంచు అరిగి ఉంటుంది, కొలతలో తప్పు ఉంటుంది. అందుకే ఏ వృత్తమూ అన్ని బిందువుల గుండా పోదు.

సులువైన దారి ఒకటుంది. వృత్త సమీకరణాన్ని ఇలా విడదీసి రాస్తే:

```
x² + y² = 2ax + 2by + c
R² = c + a² + b²
```

కేంద్రం (a, b), వ్యాసార్ధం R. తెలియని a, b, c మూడూ వర్గాలు లేకుండా ఉన్నాయి కాబట్టి, మామూలు కనిష్ఠ వర్గాల లెక్కతో ఒక్కసారిలో తేలిపోతాయి. దీన్ని 1976లో వచ్చిన కాసా వ్యాసం పేరుతో పిలుస్తారు.

దీన్ని పరీక్షించడానికి 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం అంచు నుంచి ఐదు బిందువులు తీసుకుని, ఒక్కోదాన్ని మిల్లీమీటరు అటూ ఇటూగా కదిపాను: (0, 1.2), (±20, 1.2), (±40, 8.6). పై లెక్క చేస్తే వ్యాసార్ధం 95.2 వచ్చింది. బిందువు నుంచి వృత్తానికి ఉన్న అసలు దూరాల వర్గాల మొత్తాన్ని తగ్గిస్తూ పోతే మాత్రం 99.3 దగ్గర ఆగింది. కొలతలు అవే, తేడా నాలుగు మిల్లీమీటర్లకు పైనే.

కారణం ఇది. కేంద్రం నుంచి బిందువు దూరం d అయితే, సులువైన లెక్క తగ్గించేది d − R ని కాదు, d² − R² ని. అది (d − R)(d + R)కి సమానం. అంటే ప్రతి తప్పుకూ దాదాపు 2R రెట్ల బరువు పడుతుంది. వృత్తం చిన్నదైతే ఆ బరువూ తగ్గుతుంది. అందుకే చిన్న చాపం మీద లెక్క చిన్న వృత్తం వైపు మొగ్గుతుంది. బిందువులు చుట్టూ పరుచుకుని ఉంటే కేంద్రం కదలడానికి చోటుండదు, రెండు పద్ధతులూ దాదాపు ఒకే జవాబిస్తాయి.

అసలు దూరాల లెక్కకు ఒక్కసారిలో తేలే సూత్రం లేదు. ఒక ఊహతో మొదలుపెట్టి మళ్ళీ మళ్ళీ సవరించుకోవాలి. ఆ మొదటి ఊహకు కాసా జవాబు బాగా పనికొస్తుంది, అక్కడే ఆగడం మాత్రం నాకు నచ్చదు. ఒక్కసారిలోనే తేలాలంటే, ఆ బరువును సరిచేసే ప్రాట్ (1987), టాబిన్ (1991) పద్ధతులు ఉన్నాయి.

అయితే 99.3 ని కూడా పూర్తిగా నమ్మకండి. అక్కడ దూరాల వర్గాల మొత్తం 2.84, కాసా వృత్తానికి 2.96. ఇంత తేడాతో రెండు వృత్తాల్లో ఏది నిజమో పెంకు చెప్పలేదు. ఈ ముక్క 47 డిగ్రీల చాపమే మరి. కుండ వ్యాసం రాసేటప్పుడు, పెంకు వృత్తంలో ఎంత భాగమో కూడా పక్కనే రాయండి.