‘ఐ’ పక్కన ‘వర్’ ఎలా వచ్చింది?

బడిలో మనందరికీ కంఠస్థం చేయించిన వరస ఒకటుంది. ఐ వాజ్, హి వాజ్, షి వాజ్; వి వర్, యు వర్, దే వర్. ఇది నోటికి పట్టాక ఎక్కడో ‘ఇఫ్ ఐ వర్ యు’ అన్న మాట ఎదురవుతుంది. ‘నీ స్థానంలో నేనుంటే’ అని దాని అర్థం. నేను ఒక్కణ్ణే కదా, మరి వర్ ఎందుకు? ‘అదొక మినహాయింపు, గుర్తుపెట్టుకోండి’ అని చెప్పి పాఠం ముందుకు సాగిపోతుంది. అది మినహాయింపు కాదు. దాని వెనక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పట్టుబడితే ‘ఐ విష్’ అని మొదలయ్యే వాక్యాల్లో మనం పడే తికమక కూడా చాలావరకు తీరుతుంది.

ఆ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ‘డబ్బుంటే కొంటాను’ అన్నామంటే డబ్బు చేతికి రావచ్చు, రాకపోవచ్చు. కొనే అవకాశం ఇంకా ఉంది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అన్నామంటే డబ్బు లేదనీ, కొనడం లేదనీ వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ‘చిన్నప్పుడు రోజూ పుల్ల ఐసు కొనేవాణ్ణి’ అన్నప్పుడు పాత అలవాటును చెప్పే రూపమే ఇది. అదే రూపం ఇక్కడ ‘ఇది నిజం కాదు’ అని చెప్పడానికి పనికొచ్చింది. మాట్లాడుతున్నది ఇప్పటి సంగతే అయినా క్రియ మాత్రం గతానిది.

ఇంగ్లీషూ ఇదే చేస్తుంది. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.’ ఇందులో హ్యాడ్ నిన్నటి సంగతి చెప్పడం లేదు, ఇవాళ డబ్బు లేదని చెబుతోంది. ఒక తేడా మాత్రం ఉంది. తెలుగులో ‘ఉంటే’ అన్నది రెండు వాక్యాల్లోనూ అలాగే ఉంటుంది, చివరి క్రియ ఒక్కటే మారుతుంది. ఇంగ్లీషులో ఇఫ్ వైపున్న క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్లు జారేది ఎక్కువగా ఇక్కడే.

ఇక వర్ సంగతి. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో కోరికకూ సందేహానికీ ఊహకూ క్రియల చివర వేరే ప్రత్యయాలు ఉండేవి. వ్యాకర్తలు ఆ రూపాలను సబ్‌జంక్టివ్ అంటారు. వాడుకలో ఆ ప్రత్యయాలు అరిగిపోయి, చాలా క్రియల్లో సబ్‌జంక్టివ్ మామూలు భూతకాలంలో కలిసిపోయింది. ‘బీ’ క్రియలో మాత్రం వాజ్, వర్ అనే రెండు రూపాలు వేరువేరుగా ఉండటంతో పాత తేడా నిలిచింది. కాబట్టి ‘ఇఫ్ ఐ వర్’లోని వర్ బహువచనం కాదు. అది ఆ పాత సబ్‌జంక్టివ్‌లోని ఏకవచన రూపానికి వారసత్వం. హడల్‌స్టన్, పుల్లం 2002లో తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం దీన్ని ‘ఇర్రియాలిస్ వర్’ అంటుంది, అంటే నిజం కానిదాన్ని చెప్పే వర్. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ అంటూనే ఉంటారు, దాన్ని తప్పని కొట్టిపారేయనక్కర్లేదు. పరీక్షలో, దరఖాస్తులో, అచ్చయ్యే రచనలో మాత్రం వర్ రాయడమే మేలు. ‘ఇఫ్ ఐ వర్ యు’ అనే సలహా మాటలోనైతే ఎక్కడైనా వర్ వాడటమే క్షేమం.

ఇప్పుడు ఒక సందేశాన్ని దిద్దుదాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, హైదరాబాద్‌లో స్నేహితురాలి అక్క పెళ్లికి రాలేనని రాసిందనుకోండి. ‘ఐ విష్ ఐ కెన్ కమ్. ఇఫ్ ఐ వాజ్ ఇన్ హైదరాబాద్, ఐ విల్ కమ్. ఐ విష్ యు టోల్డ్ మి లాస్ట్ మంత్. ఐ విష్ దే విల్ బి హ్యాపీ.’ ఆమె మనసు తెలుస్తూనే ఉంది, కానీ నాలుగు వాక్యాల్లోనూ క్రియకు పని పడింది.

ప్రతి వాక్యాన్నీ ఒకటే అడగాలి: చెబుతున్నది నిజమా, కాకపోతే అది ఏ కాలపు సంగతి? మొదటిది చూడండి. ఆమె రాలేదు, ఇది ఇప్పటి సంగతి. కాబట్టి కెన్ ఒక మెట్టు దిగి కుడ్ అవుతుంది: ‘ఐ విష్ ఐ కుడ్ కమ్.’ రెండోదీ అంతే, ఆమె ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. ‘ఇఫ్ ఐ వర్ ఇన్ హైదరాబాద్, ఐ వుడ్ కమ్.’ ఇందులో వాజ్‌ను చూసీచూడనట్టు వదిలేయవచ్చేమో గానీ విల్‌ను వదలకూడదు. అది ‘డబ్బుంటే కొంటాను’ తరహా మాట. దాన్ని ఊహ పక్కన పెడితే వాక్యం రెండు ముక్కలూ రెండు దారులు పడతాయి.

మూడోది కాస్త నిదానించి చూడాల్సింది. పోయిన నెలలో చెప్పలేదన్న బాధ అది. సంగతే గడిచిపోయినది కనుక టోల్డ్ అనే భూతకాలం దానికి మామూలు రూపమే, ఇంకా వెనక్కి దిగనే లేదు. మరో మెట్టు దిగాలంటే హ్యాడ్ తోడు రావాలి: ‘ఐ విష్ యు హ్యాడ్ టోల్డ్ మి లాస్ట్ మంత్.’ తెలుగులో ‘చెప్పి ఉంటే బాగుండేది’ అనే చోటల్లా ఇంగ్లీషులో ఈ హ్యాడ్ వస్తుందని పెట్టుకుంటే దాదాపుగా తప్పు పోదు.

నాలుగో వాక్యంలో లోపం క్రియది కూడా కాదు, విష్‌దే. కొత్త దంపతులు సుఖంగా ఉండటం జరగని పని కాదు కదా. జరిగే వీలున్న ముందుకాలపు కోరికకు ఇంగ్లీషులో హోప్ ఉంది: ‘ఐ హోప్ దే విల్ బి హ్యాపీ.’ లేదా విష్ పక్కన క్రియ లేకుండా ‘ఐ విష్ దెమ్ ఎ హ్యాపీ లైఫ్’ అనవచ్చు, శుభాకాంక్షల కార్డుల్లో ఉండేది అదే. విష్ పక్కన విల్ రాదు. వుడ్ రావచ్చు గానీ అది వేరే భావం. ‘ఐ విష్ హి వుడ్ స్టాప్ షౌటింగ్’ అంటే అతను అరవడం మానడం లేదన్న విసుగు. దంపతుల మీద ఆ వుడ్ ప్రయోగిస్తే దీవెన కాస్తా నిట్టూర్పు అవుతుంది. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ‘ఐ విష్ ఐ వుడ్’ అనడం కూడా కుదరదు. అక్కడ కుడ్ పెట్టాలి.

ఇదంతా నేర్చుకున్నాక కొందరు ఇఫ్ కనబడిన ప్రతిచోటా వర్ పెట్టేస్తారు. శ్రద్ధగా చదివినవాళ్లకే పట్టే జబ్బు ఇది. ‘హి ఆస్క్‌డ్ ఇఫ్ ఐ వర్ రెడీ’ అని రాస్తారు. ఇక్కడ ఇఫ్ ‘అయితే’ కాదు, ‘సిద్ధమేనా అని అడిగాడు’లోని ‘అని’ పక్క సందేహం. ఇఫ్ తీసి వెదర్ పెట్టి చదవండి, వాక్యం కుదిరితే వాజ్ రాయండి. అలాగే ‘ఇఫ్ హి వాజ్ అట్ ద మీటింగ్, ఐ డిడ్ నాట్ సీ హిమ్’ అన్నదీ సరైనదే. అతను వచ్చాడో లేదో చెప్పేవారికి తెలియదు. వచ్చే ఉండవచ్చు కూడా. నిజం కాదని తేలనిచోట వర్‌కు పనిలేదు. రెండో భాగంలో వుడ్ లేకపోవడమే ఇక్కడ దొరికే ఆనవాలు.

సబ్‌జంక్టివ్‌కు మరో ముఖం ఆఫీసు కాగితాల్లో కనిపిస్తుంది. ‘ద మేనేజర్ ఇన్‌సిస్టెడ్ దట్ హి బి ప్రెజెంట్’ అంటే అతను హాజరు కావాల్సిందేనని మేనేజర్ పట్టుబట్టాడు. అదే చోట బి తీసి వాజ్ పెడితే, అతను అక్కడ ఉన్నాడనే మేనేజర్ గట్టిగా చెప్పాడని అర్థం. మొదటిది ఆదేశం, రెండోది సాక్ష్యం. విచారణ కోసం నోట్ రాస్తున్న గుమాస్తా ఈ రెండింటిలో ఏది రాశాడన్న దాన్ని బట్టి ఆ ఉద్యోగి ఆ రోజు హాజరైనట్టో, హాజరు కమ్మని మాత్రమే చెప్పించుకున్నట్టో తేలుతుంది.