ముందు గీతలు లెక్కపెట్టాలి

ఏడో తరగతి సైన్స్ పీరియడ్. “మొక్కలు ఆహారం ఎక్కడ తయారు చేసుకుంటాయి?” అనగానే క్లాసంతా “ఆకుల్లో!” అని ఒక్కసారిగా అరుస్తుంది. “ఆకుల్లోనే ఎందుకు?” అంటే మాత్రం రోజూ లేచే నాలుగైదు చేతులే లేస్తాయి. మిగతా పిల్లల్ని కూడా మాట్లాడించాలనుకునే టీచరుకు పనికొచ్చేది చర్యా పరిశోధన. 1946లో కర్ట్ లెవిన్ వ్యాసంతో దీనికి ప్రచారం వచ్చింది. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, పునరాలోచన అనే నాలుగు మెట్లు ఎక్కి, మళ్లీ మొదటి మెట్టుకు రావడమే ఇందులోని చక్రం.

క్లాసులో 40 మంది ఉన్నారనుకుందాం. “పిల్లలు చురుగ్గా లేరు” అనేది కొలవడానికి వీలులేని ఫిర్యాదు. “ఎందుకు, ఎలా అనే ప్రశ్నలకు విడిగా జవాబు చెప్పేవాళ్లు ఎంతమంది?” అంటే లెక్క తేలుతుంది. ఎవరెక్కడ కూర్చుంటారో కాగితం మీద గీసి, జవాబు చెప్పిన పిల్లాడి పేరు దగ్గర ఒక గీత పెట్టాలి. అందరూ కలిసి అరిచింది లెక్కలోకి రాదు. పాఠం చెబుతూ గీతలు పెట్టడం కష్టం కాబట్టి, ఖాళీ పీరియడ్ ఉన్న తోటి టీచరును వెనక కూర్చోబెట్టుకోవాలి. మూడు పీరియడ్లలో ఆరుగురి పేర్ల దగ్గరే గీతలు పడ్డాయనుకుందాం.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయనీ, ఎక్కువమంది ముందుకొస్తారనీ అమెరికాలో మేరీ బడ్ రో గమనించారు. మన టీచరు కూడా మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే పేరు పిలుస్తుంది. అదే వారంలో బెంచీలు కూడా మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు.

రెండు వారాల తర్వాత మళ్లీ అదే పటం, అవే గీతలు. ఈసారి పదమూడు మంది చెప్పారు, కానీ చివరి రెండు బెంచీలు ఖాళీ. పునరాలోచన మొదలయ్యేది ఇక్కడే. పేరు రాయకుండా చీటీ మీద కారణం రాయమంటే, “తప్పు చెబితే నవ్వుతారు” అనే మాట ఎక్కువ చీటీల్లో కనిపించింది. ఆలోచించే సమయం ముందు బెంచీల సమస్య తీర్చింది; వెనక బెంచీలది భయం. అందుకే రెండో చక్రంలో పక్కవాడితో ఒక నిమిషం మాట్లాడుకోనిచ్చి, “మీ ఇద్దరూ ఏమనుకున్నారు?” అని అడుగుతుంది. తప్పు ఇద్దరిదీ అయితే నవ్వుకు జంకు తగ్గుతుంది.

ఒక చోట మోసపోయే ప్రమాదముంది. తెలియకుండానే ప్రశ్నలు తేలికైతే గీతలు వాటంతట అవే పెరుగుతాయి. అందుకని ప్రతి గీత పక్కన అది ‘ఏమిటి’ ప్రశ్నో ‘ఎందుకు’ ప్రశ్నో ఒక్క అక్షరంలో రాసుకోవాలి. గీతలు మాట్లాడినవాళ్ల లెక్కే చెబుతాయి, పాఠం అర్థమైందో లేదో నోటుబుక్కుల్లో విడిగా చూడాలి. ఈ ఫలితం ఆ సెక్షన్‌కే వర్తిస్తుంది. పక్క సెక్షన్‌లో మళ్లీ మొదటి పటం గీయాల్సిందే.