తెగిన కొసను అతకాలా, కోయాలా?

డీఎన్ఏలో రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయి. ఒక్క పోగే తెగితే ఎదుటి పోగు క్రోమోజోమును పట్టి ఉంచుతుంది, పోయిన అక్షరం ఏదో కూడా అదే చెబుతుంది. రెండూ ఒకేచోట తెగితే ఆ ఆసరా ఉండదు. క్రోమోజోము రెండు ముక్కలవుతుంది. దీన్ని డబుల్ స్ట్రాండ్ బ్రేక్ అంటారు, తెలుగులో జంట తెంపు అనుకోవచ్చు. ఒక గ్రే మోతాదు ఎక్స్-కిరణాలు తగిలితే ఒక్కో కణంలో సుమారు 40 జంట తెంపులు పడతాయి. ఏ కిరణాలూ తగలకపోయినా, డీఎన్ఏకు నకలు తీసే పనిలోనే కొన్ని పడుతుంటాయి.

కణానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఎండ్ జాయినింగ్, అంటే కొసలను నేరుగా అతకడం. కు70, కు80 అనే ప్రొటీన్లు కలిసి ఉంగరంలా మారి, క్షణాల్లో తెగిన కొసకు తొడుక్కుంటాయి. తర్వాత వచ్చిన ప్రొటీన్లు రెండు కొసలనూ దగ్గరకు చేర్చి, చెడిన అక్షరాలను తీసేస్తాయి. చివర్లో లైగేస్-4 అతుకు వేస్తుంది. చూసి రాయడానికి నమూనా ఉండదు కనుక ఒకటి రెండు అక్షరాలు పోవచ్చు, కొత్తవి చేరవచ్చు. అయినా దీన్ని నాసిరకం పని అనడం అన్యాయం. కొసలు శుభ్రంగా ఉంటే అతుకు చాలాసార్లు తప్పులేకుండానే పడుతుంది, కణం ఏ దశలో ఉన్నా ఈ దారి తెరిచే ఉంటుంది.

రెండోది హోమోలోగస్ రీకాంబినేషన్. ఇక్కడ ముందుగా కొసను కోయాలి. ఒక పోగును వెనక్కి కొరుక్కుంటూ పోతే రెండోది ఒంటరి తోకలా మిగులుతుంది. బీఆర్‌సీఏ2 ఆ తోక వెంట రాడ్51 అనే ప్రొటీనును పేరుస్తుంది. రాడ్51 తొడుక్కున్న తోక తనలాంటి వరుస కోసం వెతికి, పక్కనే ఉన్న సోదర నకలులోకి దూరి, పోయిన అక్షరాలను అక్కడ చూసి రాసుకుంటుంది. దీనికి గంటలు పడుతుంది. పైగా సోదర నకలు ఉండాలి. అది నకలు తీయడం మొదలయ్యాక, కణం విభజన చెందేలోపే ఉంటుంది.

ఏ దారో తేలేది కొస కోతలోనే. పొడవైన ఒంటరి తోక ఏర్పడితే కు ఉంగరం దానిమీద నిలవలేదు, నేరుగా అతికే అవకాశం పోతుంది. అందుకే కణం కోతపై రెండు కాపలాలు పెట్టింది. మొదటిది సమయానికి సంబంధించింది. కోత మొదలవడానికి కావలసిన సీటీఐపీ అనే ప్రొటీనుకు ఫాస్ఫేట్ తగిలించాలి. ఆ పని చేసే ఎంజైములు నకలుకు ముందు జీ1 దశలో మందకొడిగా ఉండి, నకలు మొదలయ్యాక చురుకవుతాయి.

రెండో కాపలా మరింత ముచ్చటైనది. కణం విభజన చెందబోతోందని తెలిస్తే చాలదు, తెగిన ఆ చోటికి నకలు తయారైందా అన్నది తెలియాలి. డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్లలో దానికి గుర్తు ఉంది. పాత హిస్టోన్ హెచ్4 మీద 20వ స్థానంలో మిథైల్ గుర్తు ఉంటుంది. నకలు తీసినప్పుడు కొత్తగా చేరిన హిస్టోన్లకు అది కొంతకాలం ఉండదు. 53బీపీ1 అనే ప్రొటీను మిథైల్ గుర్తును పట్టుకుని, కొసను కోతనుంచి కాపాడుతుంది. బీఆర్‌సీఏ1 జతగాడైన బార్డ్1 గుర్తులేని హిస్టోనును పట్టుకుంటుంది. అప్పుడు బీఆర్‌సీఏ1 అక్కడికి చేరి 53బీపీ1ను పక్కకు నెట్టి కోతకు దారి ఇస్తుంది.

ఈ పోటీ చెడితే ఏమవుతుందో బీఆర్‌సీఏ1 పోయిన కేన్సర్ కణంలో కనిపిస్తుంది. దానికి ఒలాపరిబ్ అనే మందు ఇస్తే పార్ప్ అనే ఎంజైము డీఎన్ఏకు అతుక్కుపోతుంది. నకలు తీసే యంత్రాంగం వచ్చి దానికి గుద్దుకుని తెగుతుంది. ఇలాంటి తెంపుకు ఒక్క కొసే ఉంటుంది, జత కొస ఉండదు. సోదర నకలు ఆధారంగా బాగుచేయడమే సరైన మార్గం. బీఆర్‌సీఏ1 లేదు కనుక 53బీపీ1 కోతను ఆపుతుంది. అప్పుడు ఎండ్ జాయినింగ్ ఆ కొసను దొరికిన మరో క్రోమోజోము కొసకు అతికేస్తుంది. సూక్ష్మదర్శినిలో క్రోమోజోములు చేతులు కలిపిన నక్షత్రాల్లా కనిపిస్తాయి, కణం నిలవలేక చస్తుంది. బీఆర్‌సీఏ లోపమున్న కణాలు పార్ప్‌ను అడ్డుకునే మందులకు ఇలా లొంగుతాయని 2005లో రెండు బృందాలు చూపాయి. 2014లో ఒలాపరిబ్‌కు అండాశయ కేన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది.

అదే కణం 53బీపీ1ను కూడా పోగొట్టుకుంటే కథ తిరగబడుతుంది. అడ్డు తొలగి కోత మళ్లీ సాగుతుంది, మందు పనిచేయదు. ఎలుక కణాల్లో ఈ సంగతి 2010లో బయటపడింది. మరమ్మతు తిరిగొచ్చిందో లేదో తెలుసుకోవడానికి, డీఎన్ఏ దెబ్బతిన్న కణంలో రాడ్51ను మెరిసే రంగుతో గుర్తించి చూస్తారు. కేంద్రకంలో చుక్కలు కనిపిస్తే రెండో దారి తెరుచుకుందని అర్థం. బీఆర్‌సీఏ2 పోయిన కణంలో మాత్రం 53బీపీ1 తొలగినా ఈ చుక్కలు రావు. అక్కడ కోతకు అడ్డేమీ లేదు, తోకమీద రాడ్51ను పేర్చేదే లేదు.