ఎర్రటి లేజర్‌లో ఎన్ని పౌనఃపున్యాలు?

కాలేజీ ల్యాబుల్లో ఉండే హీలియం-నియాన్ లేజర్ కాంతి కంటికి ఒకే ఎరుపు. నిజానికి అందులో తరచూ రెండు మూడు పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. గొట్టం చివర్లలోని అద్దాల మధ్య అర తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమిడితేనే ఆ కాంతి నిలుస్తుంది. వీణ తీగ మీద స్వరాలూ అంతే. అలా నిలిచే ఒక్కో పౌనఃపున్యం ఒక అనుదైర్ఘ్య మోడ్.

పక్కపక్క మోడ్‌ల మధ్య ఎడం తెలియాలంటే కాంతి వేగాన్ని అద్దాల దూరానికి రెట్టింపుతో భాగించాలి: Δν = c/2L. అద్దాల దూరం 30 సెంటీమీటర్లయితే, 30 కోట్లను 0.6తో భాగించగా 50 కోట్ల హెర్ట్జ్, అంటే 500 మెగాహెర్ట్జ్ వస్తుంది. నియాన్ కాంతిని పెంచగల మేర సుమారు 1,500 మెగాహెర్ట్జ్. అందులో దాదాపు మూడు మోడ్‌లు పడతాయి. గొట్టాన్ని 10 సెంటీమీటర్లకు కుదిస్తే ఎడమే 1,500 అవుతుంది. అప్పుడు సాధారణంగా ఒక్క మోడే మిగులుతుంది, కానీ లేజర్ శక్తి తగ్గిపోతుంది.