కుండీలో నీరు నిలవకపోతే

బాగా ఎండిపోయిన కుండీలో నీళ్లు పోస్తే మట్టిలో ఇంకకుండా క్షణాల్లో అడుగు రంధ్రం గుండా బయటికొచ్చేస్తాయి. కింది పళ్లెం నిండుతుంది కాబట్టి మొక్కకు కావలసినంత అందిందనిపిస్తుంది. వేళ్ల చుట్టూ మట్టి మాత్రం పొడిపొడిగానే ఉంటుంది.

దీనికి మొదటి కారణం సందు. కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువగా కలిపిన మట్టి ఎండేకొద్దీ కుంచించుకుపోయి కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీరు ఆ సందులోంచే జారిపోతుంది. రెండో కారణం పైకి కనబడదు. కుళ్లిన ఆకుల్లో, పొట్టులో ఉండే మైనంలాంటి పదార్థాలు తడి పూర్తిగా ఆరాక మట్టి రేణువుల మీద నీటిని అంటనివ్వని పొరగా మారతాయి. అలాంటి మట్టి మీద ఒక చుక్క వేస్తే ఇంకకుండా ముత్యంలా నిలబడుతుంది.

మట్టి తడిసిందో లేదో తేల్చేది పళ్లెం కాదు, బరువు. మే నెల ఎండలో వారం రోజులు నీళ్లు లేక వాడిపోయిన తులసి కుండీనే తీసుకుందాం. పది అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అందులో సగానికి పైగా కొబ్బరిపొట్టు. లీటరు నీళ్లు పోశాక కూడా ఒక్క చేత్తో తేలిగ్గా లేస్తోందంటే నీరు లోపల నిలవలేదన్నమాట. వేలు రెండు అంగుళాలు లోపలికి దింపితే పొడి మట్టే తగులుతుంది.

ఇలాంటి కుండీని కింది నుంచి తడపాలి. టబ్బులో కుండీ ఎత్తులో సగం వరకు వచ్చేలా నీళ్లు పోసి కుండీని అందులో దించాలి. ఎండిన కొబ్బరిపొట్టు తేలిక కాబట్టి కుండీ తేలి పక్కకు ఒరుగుతుంది. అంచు మీద ఇటుక ముక్క పెడితే కదలదు. అడుగు రంధ్రాల్లోంచి ఎక్కిన తడి మెల్లగా పైకి పాకుతుంది. పైమట్టి నల్లబడటానికి అరగంట పట్టవచ్చు, మరీ ఎండిపోతే రెండు మూడు గంటలూ పట్టవచ్చు. తడి పైదాకా రాగానే కుండీ తీసి, నీరంతా ఓడ్చేయాలి. రాత్రంతా నీళ్లలోనే వదిలేస్తే వేళ్లకు గాలి అందక కుళ్లు పట్టే ప్రమాదముంది.

ఎత్తలేని పెద్ద కుండీలకు టబ్బు కుదరదు. వేళ్లు తెగకుండా సన్నని పుల్లతో అక్కడక్కడా పొడిచి, గ్లాసెడు నీళ్లు పోసి, పావుగంట ఆగి మళ్లీ పోస్తూ ఉండాలి. ఓపిక కావాల్సిన పనే కానీ, ఒకేసారి బకెట్ కుమ్మరిస్తే మళ్లీ పళ్లెమే నిండుతుంది. అప్పటికీ ఇంకకపోతే లీటరు నీటిలో ఒకటి రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి ఒక్కసారి పోయవచ్చు. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి చుక్క విచ్చుకుని రేణువులకు అంటుతుంది. మోతాదు పెంచితే మాత్రం వేళ్లకు హాని.

తడిసిన మట్టి ఉబ్బి సందు చాలావరకు మూసుకుంటుంది. మిగిలిన ఖాళీని కొత్త మట్టితో పూడ్చి అదమాలి. వాడిన ఆకులు సాధారణంగా మర్నాటికి తేరుకుంటాయి. మట్టి తడిగా ఉన్నా అవి వేలాడుతూనే ఉంటే, వేళ్లు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు.