ముందు తప్పు పోవాలి, ఆ తర్వాతే వేగం

ఉత్తరాల సార్టింగ్‌కు యంత్రాలు వచ్చినప్పుడు బ్రిటన్ తపాలా శాఖ తన పోస్ట్‌మ్యాన్‌లకు టైపింగ్ నేర్పించాల్సి వచ్చింది. రోజుకు ఎంతసేపు నేర్పితే బాగా వస్తుందో తేల్చడానికి బాడెలీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వాళ్లను నాలుగు జట్లుగా చేసి చూశారు. 1978లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రోజుకు ఒక్క గంట సాధన చేసినవాళ్లు మొత్తం మీద తక్కువ గంటల్లో నేర్చుకున్నారు. రెండేసి గంటల చొప్పున రోజుకు రెండుసార్లు కూర్చున్నవాళ్లకు ఎక్కువ గంటలు పట్టింది. తమాషా ఏమిటంటే, శిక్షణ మీద అందరికంటే ఎక్కువ అసంతృప్తి ఆ గంట జట్టుదే. గంటలు తగ్గినా, రోజులు ఎక్కువ పట్టాయి మరి.

గురువు లేకుండా ఇంట్లో నేర్చుకునేవాళ్లు ఇంకా తక్కువతో మొదలుపెట్టవచ్చు. రోజూ పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. అంతకు మించితే ధ్యాస సడలుతుంది, తప్పులు పెరుగుతాయి. ఆ తప్పులు అక్కడితో పోవు. వేలు ఏ దారిలో ఎక్కువసార్లు వెళితే ఆ దారినే అలవాటు చేసుకుంటుంది, అది తప్పు దారైనా సరే.

కీబోర్డు మీద F, J కీలపై చిన్న గీతలు చేతికి తగులుతాయి. చూపుడు వేళ్లు అక్కడుంచితే మిగతావి వాటంతట అవే A, S, D మీద, K, L, ; మీద కుదురుతాయి. బొటనవేళ్లు స్పేస్ బార్ మీద. ప్రతి వేలికీ తన కీలు తనవే. కొట్టగానే మళ్లీ మధ్య వరుసకు రావాలి. మన టైపు ఇన్‌స్టిట్యూట్లలో తరతరాలుగా మొదటి పాఠం ఇదే:

```
asdfgf ;lkjhj
```

కీబోర్డు వైపు చూడకుండా, గోడ గడియారం టిక్కుమన్నట్టు ఒకే లయలో కొట్టాలి. తేలిక అక్షరాలు గబగబా కొట్టేసి కష్టమైనదాని దగ్గర ఆగడం వల్లే చాలా తప్పులు పుడతాయి. మీకు అన్నిటికంటే కష్టమైన అక్షరం ఏ వేగంలో తప్పకుండా పడుతుందో, మిగతావన్నీ ఆ వేగంలోనే కొట్టండి.

ఒక ఉదాహరణ చూద్దాం. కొత్తవాళ్లు E కొట్టాల్సిన చోట I కొడుతుంటారు. ఆ రెండూ మధ్య వేళ్ల పనే, ఒకటి ఎడమ చేతిది, ఇంకొకటి కుడి చేతిది. సరైన వేలే కదులుతుంది, చెయ్యి మాత్రం మారుతుంది. D, K లతోనూ ఇంతే. ఈ సంగతి తెలియకుండా పేరా మొత్తం మళ్లీ మళ్లీ కొడితే లాభం లేదు. ముందు ded, kik అని నెమ్మదిగా విడివిడిగా, తర్వాత రెండూ కలిసే die, like, side లాంటి మాటలు కొట్టాలి. అందుకే సాధన ముగిశాక తప్పిన అక్షరాలు ఒక కాగితం మీద రాసుకోవాలి. మర్నాడు మొదటి అయిదు నిమిషాలు వాటికే. తర్వాతి అయిదు నిమిషాలు కొత్త కీలు రెండు, అంతకు మించి వద్దు. మిగిలిన సమయం తెలిసిన అక్షరాలతో మాటలు, వాక్యాలు.

వేగం ఎప్పుడు పెంచాలి? యాభై అక్షరాల వరుసలో ఒకటికి మించి తప్పు రాకుండా వరుసగా కొన్ని రోజులు గడిస్తే కొంచెం పెంచవచ్చు. తప్పులు పెరిగితే వెనక్కి తగ్గాలి. ఇందులో లెక్క ఉంది. వంద అక్షరాల్లో ఎనిమిది తప్పితే, ఎనిమిది తప్పు దెబ్బలు, ఎనిమిది బ్యాక్‌స్పేస్‌లు కలిపి మొత్తం నూట పదహారు దెబ్బలు. పైగా తప్పు గుర్తించడానికి ఆగిన సమయం, దూరంగా ఉన్న బ్యాక్‌స్పేస్ కోసం చిటికెన వేలు చాపితే చెదిరిన చెయ్యి. తప్పు తగ్గడమే వేగంలో సగం.

మొదటి కొన్ని వారాలు రెండు వేళ్లతో కొట్టే పాత పద్ధతికంటే నెమ్మదిగానే ఉంటుంది. ఎక్కువమంది మానేసేది ఇక్కడే. ఆఫీసులో అర్జంటు పని పాత పద్ధతిలోనే కానివ్వండి. చిన్న మెసేజ్‌లు, మెయిళ్లు మాత్రం కొత్త పద్ధతిలో కొట్టండి. మణికట్టు నొప్పి పుడితే ఆ పూటకు ఆపేయండి.

టైపింగ్‌లో అయిదు దెబ్బలను ఒక మాటగా లెక్కిస్తారు. నిమిషానికి ముప్పై మాటలంటే సెకనుకు రెండున్నర దెబ్బలు మాత్రమే. ఆగకుండా, తప్పకుండా కొట్టేవాళ్లకు అదేమంత హడావుడి వేగం కాదు.